రొయ్యల ప్లాంట్ క్వాలిటీలో 8 ఏళ్లు. కొత్త ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నాను

రొయ్యల ఎగుమతి ప్లాంట్‌లో క్వాలిటీ మేనేజర్ లేదా అసిస్టెంట్ మేనేజర్ ఉద్యోగం కోసం చూస్తున్నాను. భీమవరం, కాకినాడ, నెల్లూరు, విశాఖ ఎక్కడైనా సరే.

ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివి, ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఈ 8 ఏళ్లలో చివరి మూడేళ్లు భీమవరం దగ్గరి ఒక ప్లాంట్‌లో రాత్రి షిఫ్టు క్వాలిటీ మొత్తం నేనే చూశాను. పీలింగ్, గ్రేడింగ్, ఐక్యూఎఫ్, ప్యాకింగ్ కలిపి 220 మంది పనిచేసే షిఫ్టు అది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక మాకు అక్కడి ఆర్డర్లు పడిపోయాయి. చివరికి ఆ షిఫ్టునే ఆపేశారు.

నా పని ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. రెండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు నుంచి నెట్ వెయిట్ తక్కువ వస్తోందని వరసగా మూడు ఫిర్యాదులు వచ్చాయి. తూకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగు రాత్రులు ఫ్రీజర్ బయటికొచ్చే చోటే నిలబడి, ప్రతి అరగంటకీ రొయ్య లోపలి ఉష్ణోగ్రత, గ్లేజ్ శాతం పక్కపక్కనే రాసుకున్నాను. తెల్లవారుజామున పీలింగ్ మందగించి బెల్టు మీద సరుకు పలచబడేది. స్పీడు మాత్రం మారేది కాదు. దాంతో రొయ్య మామూలుకన్నా చల్లగా బయటికొచ్చి, గ్లేజ్ నీళ్లలో మునిగినప్పుడు మందంగా మంచు పట్టేది. ప్యాకెట్ తూగేది కానీ మంచు కరిగిస్తే లోపల రొయ్య తక్కువ. లోడును బట్టి బెల్టు స్పీడు మార్చేలా ఆపరేటర్లకు ఒక చార్టు రాసి గోడకు అంటించాను. తర్వాత 14 నెలల్లో నెట్ వెయిట్ మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు.

యాంటీబయాటిక్ విషయంలో నేను రాజీపడను. క్లోరాంఫెనికాల్ జాడ తేలితే ఆ కంటైనర్ వెనక్కి రావడమే. అందుకే పట్టుబడికి ముందే చెరువు శాంపిల్ తెప్పించి ఎలిసా చేయించే పద్ధతి పెట్టాను. రైతుతో నేనే మాట్లాడతాను. రిపోర్టు తేడాగా వస్తే ఎందుకు తీసుకోలేమో ముఖం మీదే, మర్యాదగా చెబుతాను.

హాసప్ ప్లాన్ రాయడం, ఆడిట్‌కి వచ్చినవాళ్లకు రికార్డులు చూపించి జవాబు చెప్పడం, కొత్తగా చేరిన అమ్మాయిలకు చేతులు కడగడం దగ్గర్నుంచి నేర్పడం రోజూ చేసిన పనులే. రాత్రి షిఫ్టు ఇబ్బంది కాదు. జీతం ఏడాదికి 7 లక్షలకు తగ్గకూడదు. వారంలో చేరగలను.

మీ ప్లాంట్‌లో అవసరం ఉంటే నేరుగా మెసేజ్ పెట్టండి. ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న ఫిర్యాదేమిటో కూడా రాయండి, మన మాట అక్కడి నుంచే మొదలుపెడదాం.