వడ్డీపై టీడీఎస్ కోయవద్దని ఫారం 15హెచ్ సమర్పణ

విశాఖపట్నం,
07-04-2025.

బ్రాంచ్ మేనేజర్ గారికి,
ఎంవీపీ కాలనీ శాఖ.

అయ్యా,

నేను 71 ఏళ్ల పెన్షనర్‌ని. మీ శాఖలో నా పేర మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. 2025-26లో వాటిపై వడ్డీ సుమారు రూ.1,38,000 వస్తుంది. సీనియర్ సిటిజన్లకు వడ్డీ లక్ష దాటితే టీడీఎస్ కోస్తారు కదా. ఏడాది పెన్షన్ రూ.4,10,000 కలిపినా నా మొత్తం ఆదాయంపై పన్ను పడదు. అందుకే ఫారం 15హెచ్ రెండు ప్రతులు, పాన్ కార్డు జిరాక్స్ జతచేస్తున్నాను.

దయచేసి మూడు డిపాజిట్లకూ నమోదు చేయించండి. పోయినేడు ఒకటి వదిలేయడంతో కోత పడి, రిఫండ్ కోసం రిటర్న్ వేయాల్సి వచ్చింది. ఈ మోకాళ్ల నొప్పులతో మళ్లీ మళ్లీ మెట్లెక్కలేను. ఒక ప్రతిపై ముద్ర, తేదీ వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
పి. అప్పలనాయుడు
(సేవింగ్స్ ఖాతా చివరి అంకెలు 4172)