విషయం: వైద్య సెలవును 2025 ఆగస్టు 4 నుంచి సెప్టెంబరు 14 వరకు పొడిగించవలసిందిగా విన్నపం

తేదీ: 28 జూలై 2025

మానవ వనరుల విభాగం మేనేజర్ గారికి,
చీఫ్ అకౌంటెంట్ గారి ద్వారా

అయ్యా,

అకౌంట్స్ విభాగంలో సీనియర్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్న నేను, ఎడమ కాలి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన కారణంగా జూన్ 2 నుంచి ఆగస్టు 3 వరకు మీరు మంజూరు చేసిన 63 రోజుల వైద్య సెలవులో ఉన్నాను. ఆ గడువు వచ్చే ఆదివారంతో ముగుస్తుంది. అయితే జూలై 25న జరిగిన పరీక్షలో, ఎముక అనుకున్నంత వేగంగా అతుక్కోవడం లేదని తేలినందువల్ల, నాకు చికిత్స చేస్తున్న ఎముకల సర్జన్ మరో ఆరు వారాల విశ్రాంతి అవసరమని కొత్త ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని ఈ లేఖకు జతచేస్తూ, ఆగస్టు 4 నుంచి సెప్టెంబరు 14 వరకు, అంటే 42 రోజులపాటు, నా సెలవును పొడిగించవలసిందిగా కోరుతున్నాను.

జూలై రెండో వారంలో చీఫ్ అకౌంటెంట్ గారు ఫోన్ చేసినప్పుడు, ఆగస్టు 4న తప్పకుండా విధుల్లో చేరతానని నేనే చెప్పాను. ఆయన ఆ మాట మీదే పనులు సర్దుకున్నారని తెలుసు కాబట్టి, ఇప్పుడు ఆ మాట ఎందుకు నిలుపుకోలేకపోతున్నానో వివరంగా చెప్పడం నా బాధ్యత.

మోకాలికీ చీలమండకూ మధ్య ఉన్న పెద్ద ఎముక, చీలమండకు కాస్త పైన విరిగింది. జూన్ 3న ఎముక లోపల రాడ్డు వేసి స్క్రూలతో బిగించారు. ఎనిమిది, తొమ్మిది వారాలకల్లా ఒక్క చేతికర్ర సాయంతో నడుస్తూ, కూర్చుని చేసే పనికి రావచ్చని అప్పట్లో సర్జన్ అంచనా వేశారు. మొదటి ధ్రువపత్రంలో ఆగస్టు 3 వరకు అని రాసింది ఆ అంచనాతోనే. ఎముకలోని ఆ కింది భాగం చుట్టూ కండ తక్కువగా ఉంటుంది, రక్తప్రసరణ కూడా పలుచగా అందుతుంది కాబట్టి, అక్కడ విరిగితే అతుక్కోవడానికి ఒక్కొక్కరిలో ఎక్కువ కాలం పడుతుందని ఆయన అప్పుడే చెప్పారు. నా విషయంలో అదే జరిగింది. ఎక్స్‌రేలో ముందు నుంచీ పక్క నుంచీ చూసినప్పుడు కనిపించే నాలుగు అంచుల్లో కనీసం మూడింటి మీద కొత్త ఎముక వంతెనలా కలిస్తే అతుకు పడినట్టు లెక్క అట. జూలై 25 నాటి ఎక్స్‌రేలో ఒక్క అంచు మీద మాత్రమే అది కలిసింది. రాడ్డు, స్క్రూలు వేసిన చోటే ఉన్నాయి, ఇన్‌ఫెక్షన్ ఏదీ లేదు, ప్రస్తుతానికి మరో శస్త్రచికిత్స ఆలోచన కూడా లేదు. రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువగా ఉన్నట్టు తెలిసినందువల్ల దానికి మందు మొదలుపెట్టారు.

ఇప్పుడు నేను రెండు చంకకర్రల మీద, ఎడమ కాలి మీద కొద్దిపాటి బరువు మాత్రమే మోపి నడుస్తున్నాను. కాలు కిందికి వేలాడేసి అరగంటకు మించి కూర్చుంటే పాదం వాచిపోతోంది కాబట్టి, రోజులో ఎక్కువసేపు దాన్ని ఎత్తులో పెట్టుకునే ఉండవలసి వస్తోంది. కూర్చుని చేసే ఉద్యోగమే కదా, రావచ్చేమోనని నేనే సర్జన్‌ను రెండుసార్లు అడిగాను. రోజుకు రెండు ప్రయాణాలు, ఎనిమిది గంటల కుర్చీ ఈ దశలో పనికిరావనీ, తొందరపడి బరువు మోపితే స్క్రూల మీద ఒత్తిడి పడుతుందనీ ఆయన స్పష్టంగా చెప్పారు. ఇంటి నుంచి పనిచేస్తానని కూడా ఇప్పుడే అనలేకపోతున్నాను. నిలకడగా చేయలేని పనిని ఒప్పుకుని, చెల్లింపుల్లో పొరపాట్లు తెచ్చిపెట్టడం నాకు ఇష్టం లేదు.

తదుపరి పరీక్ష ఆగస్టు 29న ఉంది. దాని ఫలితాన్ని మరుసటి పనిదినానికల్లా మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాను. అప్పటికి ఎముక బాగా కలిసి, సర్జన్ అనుమతిస్తే, సెప్టెంబరు మొదటి వారం నుంచి రోజుకు రెండు మూడు గంటలు ఇంటి నుంచి పనిచేయడానికి అవకాశం ఇవ్వవలసిందిగా అడుగుతాను. పూర్తిగా కోలుకున్నట్టయితే గడువుకు ముందే చేరడానికీ సిద్ధమే. అలా కాక, అతుకు ముందుకు సాగకపోతే చికిత్స మారవచ్చునని సర్జన్ చెప్పారు. ఆ పరిస్థితే వస్తే, ఈసారిలా చివరి వారం దాకా ఆగకుండా, తెలిసిన రోజే చెబుతాను. అన్నీ సవ్యంగా జరిగితే, ఫిట్‌నెస్ ధ్రువపత్రంతో సెప్టెంబరు 15, సోమవారం ఉదయం విధుల్లో చేరతాను.

నా వైద్య సెలవు ఖాతాలో ఇంకా 18 రోజులు, ఆర్జిత సెలవులో 15 రోజులు ఉన్నాయి. ముందుగా వాటిని ఈ వరుసలోనే వాడుకుని, మిగిలిన 9 రోజులను జీతం లేని సెలవుగా పరిగణించవలసిందిగా మనవి. ఈ లెక్క మీ రికార్డుతో సరిపోకపోతే, మీ రికార్డు ప్రకారమే సవరించగలరు.

పని విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది స్థిరాస్తుల రిజిస్టరు. సరఫరాదారుల చెల్లింపులు, బ్యాంకు లెక్కల సరిపోలిక నా సహోద్యోగి ఇప్పటికే చక్కగా చూస్తున్నారు. కానీ ఆ రిజిస్టరును నాలుగేళ్లుగా నేనొక్కదాన్నే నిర్వహిస్తున్నాను. తరుగుదల లెక్కలో ఏ ఆస్తికి ఏ రేటు ఎందుకు వేశానో, గత ఏడాది తొలగించిన యంత్రాల కాగితాలు ఏ ఫైల్లో ఉన్నాయో వివరిస్తూ ఆరు పేజీల నోట్ రాసి, నిన్న చీఫ్ అకౌంటెంట్ గారికి పంపాను. దాన్ని చదివాక వచ్చే సందేహాలకు ఫోన్లో జవాబు చెప్పగలను. సహోద్యోగి ఆగస్టు 3 వరకే అనుకుని ఈ అదనపు భారం ఒప్పుకున్నారు. మరో ఆరు వారాలు అదంతా ఆమె ఒక్కరి మీదే పడకుండా, తాత్కాలికంగా ఇంకొకరి సాయం ఏర్పాటు చేసే విషయం పరిశీలించవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను.

సంస్థ తరఫు వైద్యులు నన్ను పరీక్షించాలనుకుంటే, ఒక రోజు ముందు చెబితే చాలు, వాహనంలో వస్తాను. ధ్రువపత్రం గురించి సర్జన్‌ను సంప్రదించడానికి నాకు అభ్యంతరం లేదు. ఆయన రిజిస్ట్రేషన్ సంఖ్య, సంతకం, ముద్ర అందులో ఉన్నాయి. ఎక్స్‌రే, రక్తపరీక్ష నివేదికలు మాత్రం సెలవు నిర్ణయానికి అవసరమైన వారికి తప్ప ఇతరులకు అందకుండా చూడగలరు.

ప్రస్తుత సెలవు ఆగస్టు 3తో ముగుస్తున్నందున, అనుమతి లేని గైర్హాజరుగా నమోదు కాకుండా, ఆగస్టు 1, శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. నేను మళ్ళీ రానున్న తేదీ మారినందువల్ల విభాగానికి కలిగిన ఇబ్బందికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
సీనియర్ అకౌంటెంట్, అకౌంట్స్ విభాగం
ఉద్యోగి సంఖ్య 2417

జతపరచినవి:
సర్జన్ ఇచ్చిన కొత్త వైద్య ధ్రువపత్రం, 25 జూలై 2025 (అసలు ప్రతి)
అదే రోజు ఎక్స్‌రే, రక్తపరీక్ష నివేదికల నకళ్ళు
జూన్‌లో ఇచ్చిన మొదటి ధ్రువపత్రం, సెలవు మంజూరు ఉత్తర్వు నకళ్ళు