శనివారం మా ఇంటికి వస్తున్నావు కాబట్టి

ప్రసాదూ, టికెట్ చూశాను. హైదరాబాద్ బస్సు పొద్దున్నే గార్లదిన్నె చేరుతుంది. బండి తెస్తాను. అమ్మానాన్నలను మొదటిసారి చూడబోతున్నానని నీకు టెన్షన్ కదా, అందుకే ఇది రాస్తున్నా.

చెప్పులు బయట విడిచి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కో. నాన్న వసారాలో మంచం మీద ఉంటాడు. షేక్‌హ్యాండ్ వద్దు. రెండు చేతులూ జోడించి "నమస్తే బాబాయ్, నేను ప్రసాద్, అమలాపురం. శివా, నేనూ ఒకే రూములో ఉంటాం" అను, చాలు. అంకుల్ అన్నావా, నాన్న నిన్ను అతిథిని చేసేస్తాడు. అమ్మతో "బాగున్నారా పిన్నీ" అను. జేజి, అంటే మా నాన్నమ్మ, ఆమె కాళ్లకు మాత్రం దండం పెట్టు, దాంతో సగం పని అయిపోతుంది.

కూర్చోమన్నాకే కూర్చో. కాలు మీద కాలు వేయకు. ఫోన్ జేబులోనే ఉండనీ. నీళ్ల గ్లాసు కుడిచేత్తో తీసుకో, దాహం లేకపోయినా ఒక గుక్క తాగు.

నాన్న మాటకు కంగారు పడకు. "మీ నాయన ఏం చేస్తాడు?" అని అడుగుతాడు. మీ వైపు 'చేస్తారు' అంటారని తెలుసు, ఇక్కడ అది అగౌరవం కాదు. జేజి "మీరేమిటోళ్లు?" అని కులం అడిగినా అడుగుతుంది. నవ్వి ఊరుకో, మాట మార్చే పని నాది.

మాటలకు కరువు రాకూడదంటే చీనీ తోట, అదే మీ బత్తాయి తోట, గురించి అడుగు. "ఈసారి టన్ను ఎంత పలికింది బాబాయ్? మార్కెట్‌లో సూట్ ఇంకా తీస్తున్నారా?" అను. సూట్ అంటే తూకంలో వ్యాపారులు కోసుకునే తరుగు. ఆ మాట వింటే నాన్న గంటసేపు తిడతాడు, నువ్వు తల ఊపితే చాలు. తుంగభద్ర నీళ్లు ఎంపీఆర్ డ్యాంకు వచ్చాయా అని కూడా అడగొచ్చు. బోరు సంగతి ఎత్తకు. పోయిన ఏడాది వేసినవి ఎండిపోయాయి, ఆ అప్పు ఇంకా తీరలేదు. అలాగే "మాకు కాలువ ఇంటి ముందే" అన్న నీ గొప్పలు కూడా వద్దు నాయనా!

పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి. సంగటి నమలకు, పులుసులో అద్ది మింగెయ్. మొదటే కొంచెం పెట్టించుకుని, అమ్మ మళ్లీ వడ్డించినప్పుడు ఇంకో ముద్ద వేయించుకో. ముందే ఎక్కువ పెట్టించుకుని వదిలేస్తే ఆమె మనసు కష్టపెట్టుకుంటుంది. కారం ఎక్కువైతే మజ్జిగ అడుగు, మొహమాటం వద్దు.

చేతిలో ఏం తేవాలి అన్నావు. పూతరేకులు తే, జేజికి పళ్లు లేవు. స్వీట్ బాక్సు నాన్న చేతికి కాదు, అమ్మకివ్వు. వెళ్లేటప్పుడు "పోయొస్తా పిన్నీ" అను. ఆమె సంచి నిండా చీనీకాయలు పెడుతుంది, బరువని వదిలేయకు.

బస్సు పామిడి దాటగానే ఫోన్ చెయ్యి.