బోర్‌లాగ్‌ని నమ్మే ముందు

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క కాగితం గురించే మాట్లాడుకుందాం. బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏం తగిలిందో రాసే బోర్‌లాగ్ టైపు చేసి, సంతకంతో పీడీఎఫ్‌గా వస్తే అంతా నిజమే అనిపిస్తుంది. రిగ్ దగ్గర చేత్తో రాసిన ఫీల్డ్ లాగ్ వేరే ఉంటుంది. ముందు అది తెప్పించండి.

బోరు నోటి దగ్గర ఆర్‌ఎల్, అంటే ఒక స్థిర మట్టం నుంచి ఎత్తు, రాశారా, చూడండి. అది లేకపోతే, రెండు సెల్లార్లు తవ్వే సైట్‌లో ‘6 మీటర్లు’ అన్న మాటకు అర్థమే లేదు. ఆ బోరు వేశాక నేల చదును చేసి ఉండొచ్చు కూడా.

ఇక ఎస్‌పీటీ, అంటే నేల గట్టితనం తెలిపే దెబ్బల పరీక్ష. 63.5 కిలోల హ్యామర్, 75 సెం.మీ. ఎత్తు నుంచి. మొదటి 15 సెం.మీ. దెబ్బలు లెక్కలోకి రావు, తర్వాతి రెండు 15 సెం.మీ.ల దెబ్బలూ కలిపితే ఎన్ విలువ. 8, 14, 22 అని ఉంటే ఎన్ 36. మూడు అంకెలూ ఇవ్వకుండా 36 ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి. 8, 14, 50 అని ఉంటే, చివర్లో గులకరాయి తగిలిందేమో అడగాలి. నీటిమట్టం కింద ఇసుకలో ఎన్ ఉన్నట్టుండి పడిపోయిందా? బోరులో నీళ్లు తగ్గి, అడుగున ఇసుక పైకి ఉబికి ఉండొచ్చు. అప్పుడు తప్పు నేలది కాదు, బోరుది.

నీటిమట్టం డ్రిల్లింగ్ ఆపిన వెంటనే కొలిస్తే అది మనం పోసిన నీళ్ల మట్టమే కావచ్చు. కనీసం 24 గంటలు ఆగి కొలిచారా? ఏ నెలలో?

మన హైదరాబాద్‌లో అసలు మోసం రాతిది. గ్రానైట్ శిథిలమై మొరం అయ్యేటప్పుడు మధ్యలో గట్టి గుండ్లు మిగిలిపోతాయి. గచ్చిబౌలి వైపు బయట కనిపించే గుండ్లలాంటివే లోపలా ఉంటాయి. 4.5 మీటర్ల దగ్గర రాయి తగిలింది, 1.5 మీటర్ల కోర్ తీశారు, రికవరీ, అంటే చేతికొచ్చిన కోర్, 92 శాతం, 10 సెం.మీ.కి తగ్గని ముక్కల వాటా అయిన ఆర్‌క్యూడీ 85 శాతం, బోరు ముగించారు. అది గుండు కాదని ఎవరు చెప్పగలరు? అనుమానం ఉన్నచోట నేనైతే 5 మీటర్లయినా రాతిలోకి వెళ్లమంటాను. కోర్ మధ్యలో మళ్లీ మొరం వచ్చిందంటే గుండే.

ఆర్‌క్యూడీని కోర్ బాక్స్ దగ్గరే లెక్కపెట్టండి. 150 సెం.మీ. రన్‌లో ముక్కలు వరసగా 28, 22, 9, 8, 17, 14, ఆపైన 12 సెం.మీ. చూర. 10 సెం.మీ., అంతకు మించినవి కలిపితే 81, అంటే 54 శాతం. కానీ 9కీ 8కీ మధ్య విరుపు చూడండి. గోధుమరంగు తుప్పు మరక లేకుండా, తాజాగా, గరుకుగా ఉంటే అది డ్రిల్లింగ్‌లో విరిగింది. రెండూ కలిపి 17. అప్పుడు 98, అంటే 65 శాతం. ఇంకొకటి, ఆర్‌క్యూడీ రికవరీ కన్నా ఎక్కువ రాసి ఉంటే ఆ లాగ్ వెనక్కి పంపేయండి.

మీ ముందున్న షీట్లు తీయండి. బీహెచ్-3లో రాయి 4.5 మీటర్లకి, 12 మీటర్ల దూరంలోని బీహెచ్-4లో 11 మీటర్లకి. రెండింటి ఆర్‌ఎల్ చూసి, డ్రిల్లర్‌ని ఏం అడుగుతారో రాయండి. పది నిమిషాలు.