ట్రాన్స్‌పోర్ట్ లేయర్ వైవా: ఎక్స్‌టర్నల్ అడిగేవి, మనం చెప్పాల్సినవి

రేపు నెట్‌వర్క్స్ ల్యాబ్ వైవా ఉన్న మూడో ఏడాది వాళ్ల కోసం ఇవి. మొదటి ప్రశ్నకి అందరూ జవాబు చెప్తారు. ఎక్స్‌టర్నల్ వెంటనే "ఎందుకు?" అంటారు చూడండి, మార్కులు అక్కడే ఉన్నాయి.

ఐపీ ఉండగా ట్రాన్స్‌పోర్ట్ లేయర్ దేనికి?
ఐపీ ప్యాకెట్‌ని మెషీన్ దాకా చేరుస్తుంది, అంతే. అక్కడ నడిచే ప్రాసెస్‌లలో ఎవరికివ్వాలో పోర్ట్ నంబర్ చూసి తేల్చేది ట్రాన్స్‌పోర్ట్ లేయర్. ఐపీ అడ్రస్ అపార్ట్‌మెంట్ పేరైతే, పోర్ట్ ఫ్లాట్ నంబర్.

పోర్ట్ నంబర్ ఎన్ని బిట్లు?
16. అంటే 0 నుంచి 65535 వరకు. 1023 దాకా వెల్-నోన్ పోర్టులు: ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, డీఎన్‌ఎస్‌కి 53, హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కి 443.

వందమంది ఒకే సర్వర్ 443 పోర్టుకి వస్తే కనెక్షన్లు కలిసిపోవా?
కలవవు. టీసీపీ కనెక్షన్‌ని గుర్తుపట్టేది నాలుగింటితో: సోర్స్ ఐపీ, సోర్స్ పోర్ట్, డెస్టినేషన్ ఐపీ, డెస్టినేషన్ పోర్ట్. ఒకే ల్యాప్‌టాప్ నుంచి అదే సర్వర్‌కి రెండు కనెక్షన్లు పెట్టినా సోర్స్ పోర్టులు వేరుగా ఉంటాయి.

టీసీపీకి, యూడీపీకి తేడా?
టీసీపీ ముందు కనెక్షన్ పెట్టుకుంటుంది, పోయినవి మళ్లీ పంపుతుంది, వరుస తప్పనివ్వదు. హెడర్ కనీసం 20 బైట్లు. యూడీపీకి ఇవేవీ లేవు, హెడర్ 8 బైట్లే. "మరి యూడీపీ ఎందుకు?" అంటే: వీడియో కాల్‌లో పోయిన మాట రెండు సెకన్ల తర్వాత వచ్చినా దండగే. ఇంకో మాట కలపండి: క్విక్ ప్రోటోకాల్ యూడీపీ మీదే నడుస్తూ రిలయబిలిటీని తనే చూసుకుంటుంది.

త్రీ-వే హ్యాండ్‌షేక్ నంబర్లతో చెప్పు.
పేపర్ ఇస్తే ఇలా రాయండి:

```
C -> S  SYN      seq=1000
S -> C  SYN,ACK  seq=5000 ack=1001
C -> S  ACK      seq=1001 ack=5001
```

1000కి 1001 ఎందుకంటే, డేటా లేకపోయినా సిన్ ఒక సీక్వెన్స్ నంబర్‌ని తినేస్తుంది. యాక్ అంటే "తర్వాత నాకు కావాల్సిన బైట్ ఇది" అని అర్థం. సీక్వెన్స్ నంబర్ లెక్కపెట్టేది బైట్లని, ప్యాకెట్లని కాదు. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

రెండు మెసేజ్‌లు చాలవా?
చాలవు. ఎప్పటిదో పాత సిన్ దారిలో ఆగి ఇప్పుడు వచ్చిందనుకోండి. రెండుతోనే సరిపెట్టుకుంటే సర్వర్ కనెక్షన్ తెరిచేసి, లేని క్లయింట్ కోసం కాచుకుని కూర్చుంటుంది. పైగా తన 5000 అవతలికి చేరిందో లేదో దానికి తెలియాలంటే మూడోది రావాలి.

ఫ్లో కంట్రోల్, కంజెషన్ కంట్రోల్ ఒకటేనా?
కాదు. ఫ్లో కంట్రోల్ రిసీవర్ బఫర్ నిండిపోకుండా: ఎంత ఖాళీ ఉందో రిసీవరే విండో ఫీల్డ్‌లో చెప్తుంది. కంజెషన్ కంట్రోల్ మధ్యలో ఉన్న నెట్‌వర్క్ కోసం. అక్కడ ఖాళీ ఎంతో చెప్పే నాథుడు లేడు కాబట్టి, సెండరే ప్యాకెట్లు పోవడాన్ని బట్టి ఊహించుకుని కంజెషన్ విండో పెట్టుకుంటాడు. ఈ రెండిట్లో ఏది చిన్నదైతే అంతవరకే పంపాలి.
చరిత్ర అడిగితే: 1986లో బర్కిలీ దగ్గర ఒక లింక్‌లో వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. దాని మీద వాన్ జాకబ్సన్ 1988లో రాసిన పేపర్‌తో స్లో స్టార్ట్ వంటివి టీసీపీలోకి వచ్చాయి.

స్లో స్టార్ట్ నిజంగా స్లోనా?
పేరుకే. ప్రతి రౌండ్ ట్రిప్‌కి విండో రెట్టింపవుతుంది: 1, 2, 4, 8. థ్రెషోల్డ్ దాటాక రౌండ్‌కి ఒకటి చొప్పున పెరుగుతుంది. టీసీపీ రెనోలో మూడు డూప్లికేట్ యాక్‌లు వస్తే విండో సగం చేస్తారు. టైమవుట్ అయితే మళ్లీ 1 నుంచి. ఎందుకీ తేడా? డూప్లికేట్ యాక్‌లు వస్తున్నాయంటే వెనకవి చేరుతున్నాయన్నమాట. టైమవుట్‌లో ఆ మాత్రం కబురు కూడా లేదు.

టైమ్-వెయిట్ చూశావా ఎప్పుడైనా?
"చూశాను సార్" అనండి, ల్యాబ్‌లో అందరికీ ఎదురైందే. సర్వర్ ప్రోగ్రామ్ ఆపి వెంటనే మళ్లీ రన్ చేస్తే:

```
bind: Address already in use
```

ముందు క్లోజ్ చేసినవాళ్లే టైమ్-వెయిట్‌లో ఉంటారు. చివరి యాక్ పోతే అవతలివాళ్లు ఫిన్ మళ్లీ పంపుతారు, దానికి జవాబివ్వాలి. పాత సెగ్మెంట్లు కొత్త కనెక్షన్‌లో దూరకుండా కూడా ఈ కాపలా. లినక్స్‌లో ఇది 60 సెకన్లు. నిమిషం ఆగలేకపోతే `SO_REUSEADDR` పెట్టుకోవచ్చు, కానీ `setsockopt` లైన్ `bind` కంటే ముందుండాలి.