సోషల్ వర్క్ ఫీల్డ్‌వర్క్ ప్రతిఫలన నివేదిక: తిరగరాసిన ప్రతి

మొదటి ప్రతిలో "ఈ కేసు నాకెంతో నేర్పింది, సహానుభూతి విలువ తెలిసింది" అని రాశాను. ఏం నేర్పిందో, ఏ మాట దగ్గర నేర్పిందో అందులో లేదని సూపర్‌వైజర్ మేడమ్ అన్నారు. అందుకని ఈసారి ఒక్క హోం విజిట్ గురించే రాస్తున్నాను.

క్లయింట్ పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పెద్దాయన. డిశ్చార్జి అయ్యాక ఫిజియోథెరపీకి రావడం మానేశారు. కేస్ ఫైల్లో "సహకరించడం లేదు" అని ఉంది. ఆయనకు మాట తడబడుతుంది గానీ మనం చెప్పేది చక్కగా అర్థమవుతుంది. అయినా నేను అడిగిన ప్రతిదానికీ కొడుకే జవాబిస్తున్నాడు. "నాన్నకే ఇష్టం లేదండీ" అన్నప్పుడు ఆయన ఎడమచెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. నేను ఫారం మూసి, కుర్చీ ఆయన వైపు జరుపుకుని, "మీరేమంటారండీ?" అని అడిగి ఆగాను. ఆ మౌనం భరించడం కష్టంగానే ఉంది. కొడుకు మళ్లీ అందుకోబోతే "ఆయన్ని చెప్పనిద్దామండీ" అన్నాను. చివరికి ఆయన అన్నది మూడు మాటలు: "వాడి... జీతం... పోతుంది."

పని మధ్యలోనే గమనించి దారి మార్చుకోవడాన్ని డొనాల్డ్ షోన్ చర్యలో ప్రతిఫలనం అన్నాడు. ఫారం మూసిన క్షణం అదే. భావాలు బయటికి చెప్పుకునే వీలు కల్పించడం ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు కేస్‌వర్క్ సూత్రాల్లో ఒకటి. క్లాసులో అది ఓదార్పు మాటల గురించి అనుకున్నాను. ఇక్కడ మాత్రం ఇంకొకరిని కాసేపు ఆపడమే ఆ వీలయింది.

బీస్టెక్ చెప్పిన స్వయంనిర్ణయం దగ్గర మాత్రం చిక్కుంది. రానన్నది ఆయన నిర్ణయమే కదా, గౌరవించి ఫైల్ మూసేయొచ్చా? కొడుక్కి భారం కాకూడదని మానుకోవడం నా దృష్టిలో స్వేచ్ఛగా ఎంచుకోవడం కాదు, వేరే దారి కనబడకపోవడం. మనిషిని చుట్టూ ఉన్న కుటుంబం, సంస్థలు, సమాజంతో కలిపి చూసే బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ పర్యావరణ సిద్ధాంతం ఇక్కడే పనికొచ్చింది. కొడుకు పనిచేసే చోట పూట సెలవు పెడితే జీతం కోత. ఆ చోట తండ్రి ఎప్పుడూ అడుగు పెట్టకపోయినా అక్కడి నియమం ఆయన చికిత్సను ఆపేసింది. ఎక్సోసిస్టమ్ అంటే ఇదే. "సహకరించడం లేదు" అన్న మాట సమస్యనంతా ఆయన ఒంటిమీదే పెట్టేసింది.

ఇకనుంచి మాట తడబడే క్లయింట్‌తో మొదటి ప్రశ్న ఆయన్నే అడుగుతాను, కుటుంబంతో విడిగా మాట్లాడతాను. విజిట్‌లో జరిగిన సంభాషణను వివరంగా రాసే ప్రాసెస్ రికార్డింగ్‌లో మౌనాలు, చేతుల కదలికలు కూడా రాస్తాను. ఫైల్లో మనిషి గురించి తీర్పు కాకుండా అడ్డంకి ఏమిటో రాస్తాను. ఈ కేసులో "కొడుకు షిఫ్టు వేళల్లో తీసుకొచ్చేవారు లేరు" అని మార్చాను.

ఆయన, కొడుకు ఇద్దరూ సరేనన్నాక ఫిజియో విభాగంతో మాట్లాడితే వారానికి రెండు సాయంత్రాలు కేటాయించారు. ఇప్పుడు వస్తున్నారు. రోజంతా ఇంట్లో చూసుకునే కోడలితో నేనింకా మాట్లాడలేదు. వచ్చే విజిట్ ఆమెతోనే.