శనివారం మాట్లాడే గంట: బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థుల పద్ధతి

కర్నూలులోని మన తరగతి విద్యార్థులు ప్రతి శనివారం మధ్యాహ్నం 3 గంటలకు నలుగురేసి జట్లుగా కూర్చుంటారు. ఒకరు మాట్లాడతారు, ఒకరు ఫోనులో టైమరు పెట్టి సమయం చూస్తారు, మిగిలిన ఇద్దరు పరిశీలన పట్టిక నింపుతారు. ఈ పనులు వరుసగా మారుతూ ఉంటాయి కాబట్టి, ఎప్పుడూ వెనక బెంచీలో మౌనంగా ఉండే వారికీ, ముందుండి మాట్లాడే వారికీ సరిగ్గా ఒకే సమయం దక్కుతుంది. ఈ గంట పెట్టుకున్నది అందుకే.

మాట్లాడబోయేవారు డబ్బాలోంచి ఒక చీటీ తీసి, 1 నిమిషం ఆలోచించి, 2 నిమిషాలు మాట్లాడాలి. 30 సెకన్లు మిగిలినప్పుడు సమయం చూసేవారు చెయ్యి ఎత్తుతారు. మధ్యలో తడబడినా, ఆగిపోయినా ఎవరూ మాట అందించకూడదు. ఆ మౌనాన్ని దాటడం కూడా సాధనలో భాగమే. తరువాతి 2 నిమిషాలు పరిశీలకులవి. అంటే ఒక్కొక్కరికి 5 నిమిషాలు, జట్టుకు 20 నిమిషాలు. రెండో విడతలో జట్లు మారతాయి, చీటీ మాత్రం మారదు: అదే విషయాన్ని కొత్త శ్రోతలకు ఒకటిన్నర నిమిషంలో చెప్పాలి. మొదటిసారి వెతుక్కున్న మాటలు రెండోసారి వాటంతట అవే వస్తాయి కనుక ఈ విడతను ఏ వారమూ వదలకూడదు.

ఈ వారం చీటీలు:
1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న కర్నూలు గురించి మీ ఇంటి పెద్దలు ఏం చెబుతారు?
2009 వరద గురించి మీ వీధిలో విన్న ఒక సంగతి.
పెదపాడులో పుట్టి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య.
కొండారెడ్డి బురుజు దగ్గర దిగిన కొత్త మనిషికి మన కళాశాలకు దారి చెప్పండి.
సెల్‌ఫోను లేకుండా ఒక రోజు.

పరిశీలన పట్టికలో ప్రతి ప్రశ్నకు ఎదురుగా ‘అవును’ లేదా ‘ఇంకా’ అని మాత్రమే రాయాలి, మార్కులు వేయరాదు.
మొదటి రెండు వాక్యాల్లో విషయం తెలిసిందా?
ఒక పేరు, ఒక అంకె లేదా ఒక సంఘటన చెప్పారా?
చివర కూర్చున్నవారికి గొంతు వినబడిందా?
శ్రోతల వైపు చూశారా?
టైమరు ఆపకముందే తామే ముగించారా?

పట్టిక నింపాక పరిశీలకుడు, మాట్లాడినవారి ప్రసంగం నుంచే ఒక వాక్యాన్ని ఎత్తి చూపి, అది తనకు ఎందుకు నచ్చిందో లేదా ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి. ‘బాగుంది’ అని ఊరుకుంటే మాట్లాడినవారికి వచ్చే వారం చేయవలసిన పని ఏదీ తెలియదు. యాస పట్టికలో లేదు, ఉండదు. ఆదోని మాటైనా, ఆత్మకూరు మాటైనా, పల్లెలో అమ్మ దగ్గర నేర్చుకున్న మాటైనా తప్పు కాదు; దాన్ని అనుకరించి నవ్వినవారు ఆ వారం పరిశీలకులుగా ఉండరు.

నింపిన పట్టికలు మాట్లాడినవారివే, వాటిని వారు తమ నోటుపుస్తకంలో అంటించుకోవాలి. వచ్చే శనివారానికి ఐదు కొత్త చీటీలు రాసి డబ్బాలో వేసే బాధ్యత కిటికీ వైపు మొదటి వరుసది.